పది కిలోల కూర, ఆరు కిలోల మంచు

మే నెలలో విజయవాడలో ఒక గృహప్రవేశం అనుకుందాం. వస్తామన్న వాళ్ళలో ఇరవై మంది రాలేదు. రాత్రి తొమ్మిదిన్నరకు చూస్తే గుండిగలో ఇంకా పది కిలోల కోడికూర ఉంది. అందరూ అలిసిపోయారు. ఒకసారి మళ్ళీ మరిగించి, పొయ్యి కట్టేసి, మూత పెట్టి, పొద్దున్నే చూసుకుందాంలే అని పడుకున్నారు. తెల్లారి ఆరింటికి మూత తీస్తే కూర ఇంకా గోరువెచ్చగానే ఉంది. వాసన బాగుంది, రుచీ బాగుంది. చల్లారనే లేదు కాబట్టి పాడై ఉండదని ఇంట్లో వాళ్ళకు ధీమా.

ఆ ధీమాలోనే చిక్కుంది. గది వేడి 36 డిగ్రీలు ఉన్న రాత్రి, మూతపెట్టిన పది లీటర్ల గుండిగ ఎలా చల్లారుతుందో ఉజ్జాయింపుగా లెక్క కట్టవచ్చు. మరుగు నుంచి 60 డిగ్రీలకు దిగడానికే సుమారు మూడు గంటలు పడుతుంది. 45 డిగ్రీలకు వచ్చేసరికి తెల్లవారుజాము మూడున్నర దాటుతుంది. ఆరింటికి ఇంకా 40 దగ్గరే ఉంటుంది. గది వేడి కంటే కిందికి మాత్రం అది ఎంతసేపు ఉంచినా దిగదు. అంటే ఆ కూర 50కీ 40కీ మధ్య దాదాపు నాలుగు గంటలు గడిపింది. మాంసం కూరల్లో పెరిగే ఒక బ్యాక్టీరియాకు అంతకంటే అనువైన వేడి లేదు.

దాని పేరు క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్. మట్టిలో, దుమ్ములో, కోళ్ళ పేగుల్లో, మనుషుల పేగుల్లో ఎక్కడైనా ఉంటుంది. పచ్చిమాంసంతో, ధనియాలు మిరియాల్లాంటి మసాలా దినుసులతో వంటింట్లోకి వస్తూనే ఉంటుంది. మామూలు బ్యాక్టీరియా అయితే కూర ఉడికేటప్పుడే చచ్చేది. ఇది మాత్రం పరిస్థితి బాగాలేనప్పుడు గట్టి పెంకులాంటి పొర కప్పుకుని సిద్ధబీజంగా మారిపోతుంది. వాటిలో మొండివి గంటసేపు మరిగినా బతుకుతాయి. పైగా ఆ వేడే వాటిని నిద్రలేపుతుంది. కూర 50 డిగ్రీల దిగువకు రాగానే మొలకెత్తడం మొదలుపెడతాయి. పోటీకి వేరే బ్యాక్టీరియా ఉండదు, అవన్నీ ఉడుకులో పోయాయి. ఈ క్రిమికి గాలి గిట్టదు, మరుగులో కూరలోని గాలి కూడా పోయింది. 43 నుంచి 47 డిగ్రీల మధ్య ఇది పది నిమిషాలకోసారి, ఒక్కోసారి అంతకంటే త్వరగా, రెట్టింపవుతుంది. ఆ వేగంతో ఒక్క కణం రెండు గంటల్లో నాలుగు వేలు, మూడున్నర గంటల్లో ఇరవై లక్షలు అవుతుంది. గ్రాము కూరలో పది లక్షల దాకా చేరిందంటే తిన్నవాళ్ళు పడకేయడానికి అది చాలు.

తిన్న వెంటనే ఏమీ కాదు. ఆరు గంటల నుంచి ఒక రోజు లోపు కడుపులో మెలిపెట్టే నొప్పి, నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. వాంతులు, జ్వరం సాధారణంగా ఉండవు. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. ఈ ఆలస్యం వల్లే అసలు దోషి దొరకదు. మధ్యాహ్నం తిన్న కూర వల్ల అర్ధరాత్రి బాధ మొదలైతే నింద రాత్రి తిన్న పెరుగన్నం మీదికి పోతుంది. బ్రిటన్‌లో బెట్టీ హాబ్స్, ఆమె సహచరులు 1953లో ప్రచురించిన పరిశోధనతోనే ఈ క్రిమికీ, ముందురోజు వండి మెల్లగా చల్లార్చిన మాంసానికీ ఉన్న సంబంధం గట్టిగా తేలింది. పెద్ద గిన్నెల్లో వండే చోట్లన్నిటా అది కనిపిస్తుండటంతో దానికి క్యాంటీన్ క్రిమి అన్న పేరు కూడా పడింది.

ఇలాంటి ఘటనల్లో అడుగడుగునా వివరాలు నమోదైనది అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో 1993 మార్చిలో జరిగినది. సెయింట్ ప్యాట్రిక్ పండుగ కోసం ఒక దుకాణం 1,400 పౌండ్ల, అంటే దాదాపు 635 కిలోల, ఉప్పు పట్టించిన గొడ్డుమాంసం కొన్నది. మార్చి 12 నుంచి విడతలవారీగా మూడేసి గంటలు ఉడకబెట్టారు. ఉడికినదాన్ని గది వేడిలో చల్లారనిచ్చి, ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టారు. 16, 17 తేదీల్లో బయటికి తీసి 49 డిగ్రీల దగ్గర ఉండే వెచ్చని పెట్టెలో ఉంచారు. విందులకు పంపిన శాండ్‌విచ్‌లు తినేదాకా గది వేడిలోనే ఉన్నాయి. అనారోగ్యం పాలయ్యామంటూ 156 మంది నగర ఆరోగ్య శాఖను సంప్రదించారు. మూడు గంటలు ఉడికింది కాబట్టి వంటలో లోపం లేదు. చల్లార్చడంలో ఒక తప్పు, వేడి చేయడంలో ఒక తప్పు జరిగాయి. రెండోది మొదటిదాన్ని సరిదిద్దకపోగా ఎక్కువ చేసింది. 49 డిగ్రీలంటే క్రిమిని చంపే వేడి కాదు, పెంచే వేడి. అదే నెలలో వర్జీనియాలో ఒక పండుగ విందుకు వెళ్ళిన 115 మందిలో 86 మందికి ఇదే జబ్బు చేసింది.

ఒక్కరోజులో తగ్గే జబ్బే కదా అని తీసిపారేయడానికి లేదు. 2010 మేలో అమెరికాలోని లూసియానాలో ఒక మానసిక వైద్యశాలలో ముందురోజు వండి సరిగా చల్లార్చని కోడిమాంసం తిని 42 మంది రోగులు, 12 మంది సిబ్బంది జబ్బుపడ్డారు. ముగ్గురు రోగులు చనిపోయారు. పేగుల కదలికను మందగింపజేసే మందులు వాడుతుండటంతో విషం వాళ్ళ పేగుల్లోనే నిలిచిపోయింది. ముసలివాళ్ళు, మలబద్ధకం ఉన్నవాళ్ళు లేని ఇల్లు మన దగ్గర ఎన్ని ఉంటాయి?

మళ్ళీ ఆ పది కిలోల కూర దగ్గరికి వద్దాం. ఎంత త్వరగా చల్లార్చాలి అన్నదానికి అమెరికా ఆహార నియమావళి ఒక స్పష్టమైన కొలత పెట్టింది. 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి. అక్కడి నుంచి 5 డిగ్రీలకో అంతకన్నా తక్కువకో చేరాలి. మొత్తం కలిపి ఆరు గంటలు మించకూడదు. మొదటి మెట్టుకు గడువు తక్కువ పెట్టడానికి కారణం తెలిసిందే, క్రిమి పరుగు తీసేది అక్కడే. ఇందులో తెలుగునాట గమనించాల్సిన సంగతి ఒకటుంది. వేసవిలో మన గది వేడే 35 దాటుతుంది కాబట్టి గట్టు మీద వదిలేసిన గిన్నె ఏదైనా, చిన్నదైనా పెద్దదైనా, 21 డిగ్రీల మొహం ఎప్పటికీ చూడదు. ఫ్యాను కింద పెట్టినా అంతే. నీళ్ళూ మంచూ లేకుండా ఇక్కడ ఈ పని జరగదు.

గుండిగను అలాగే ఫ్రిజ్‌లోకి తోసేస్తే? ఇంటి ఫ్రిజ్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడానికి తయారైంది. పది కిలోల వేడిని లాగే సత్తా దానికి లేదు. గుండిగ అంచు చల్లబడ్డా నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పక్కనున్న పాలు, పెరుగు కూడా ఈలోగా వెచ్చబడతాయి. వేడివి ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మన ఇళ్ళలోని మాట పెద్ద గిన్నెల విషయంలో నిజమే. దానికి విరుగుడుగా రాత్రంతా బయట వదిలేయడమే పొరపాటు.

చిక్కటి గ్రేవీ నీళ్ళలా తనంతట తాను కిందా మీదా తిరగదు. లోపలి వేడి మెల్లగా, ఒక పొర నుంచి ఇంకో పొరకు పాకుతూ బయటికి రావాలి. అందువల్ల లోతు రెట్టింపయితే నడిమి కూర చల్లారడానికి పట్టే సమయం రెట్టింపు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. చూసుకోవాల్సింది బరువు కన్నా లోతు. రెండు అంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు మించకుండా పోస్తే చాలు. అడుగు వెడల్పున్న తపేలాలో ఆ లోతుకు మూడున్నర లీటర్లు పడుతుంది. పది కిలోల కూరకు అలాంటివి మూడు కావాలి. స్టీలు, అల్యూమినియం పాత్రలైతే వేడి త్వరగా దిగుతుంది. ప్లాస్టిక్ డబ్బాలూ, మందపాటి మట్టిపాత్రలూ వేడిని పట్టి ఉంచుతాయి.

పని వరస ఇలా ఉంటే సుఖం. తపేలాలు, మంచు సిద్ధమయ్యేదాకా కూరను సన్నని మంట మీద పొగలు కక్కుతుండగానే ఉంచాలి. 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు క్రిమి పెరగదు, కాబట్టి కంగారు లేదు. అన్నీ సమకూరాక మూడు తపేలాల్లోకి సర్దాలి. పెద్ద ముక్కలు గ్రేవీ కంటే నెమ్మదిగా చల్లారతాయి కనుక అన్నిట్లోకీ సమంగా పంచాలి. ముందు వాటిని వెడల్పాటి టబ్బుల్లో మామూలు నీళ్ళలో దించాలి. బయటి నీళ్ళు లోపలి కూర మట్టానికి రావాలి గానీ తపేలాలోకి పొర్లకూడదు. మేలో ట్యాంకు నీళ్ళే కాగి ఉంటాయి, అయినా 90ల్లో ఉన్న కూరకు అవీ చలవే. రెండుసార్లు నీళ్ళు మారిస్తే ఎక్కువ వేడి ఖర్చు లేకుండా పోతుంది. ఆ తర్వాత మంచు వేయాలి. ఒట్టి మంచుగడ్డలైతే మధ్యలో గాలి మిగిలి పాత్రకు సరిగా ఆనవు. మంచూ నీళ్ళూ కలిసి ఉంటేనే చలి పాత్ర చుట్టూ తాకుతుంది.

మంచు ఎంత కావాలన్నది లెక్కకు అందే సంగతే. పది కిలోల కూరను 60 డిగ్రీల నుంచి 5కు దించాలంటే ఆ వేడిని పీల్చుకోవడానికి సుమారు ఆరు కిలోల మంచు పూర్తిగా కరగాలి. టబ్బుకూ, గాలికీ కొంత పోతుంది కాబట్టి ఎనిమిది, పది కిలోలు తెచ్చుకోవడం మంచిది. ముందు నీళ్ళతోనే 40 దాకా దించగలిగితే ఐదారు కిలోలతో సరిపెట్టుకోవచ్చు. ఇంట్లో ఐస్ ట్రేలను నమ్ముకుంటే ఇది అయ్యే పని కాదు.

అసలు కీలకం గరిటెలో ఉంది. ఐదు నిమిషాలకోసారి శుభ్రమైన గరిటెతో అడుగు నుంచి పైకి, అంచు నుంచి నడిమికి తిప్పాలి. అప్పుడు నడిమి వేడి కూర చల్లటి గోడ దగ్గరికి వస్తుంది. తిప్పకపోతే అంచున కొవ్వు గడ్డకట్టి, నడుమ చెయ్యి కాలే వేడి అలాగే ఉంటుంది. మంచులో పెట్టాం కదా అని వదిలేసిన వాళ్ళను మోసం చేసేది ఈ అంచే. కింది నుంచి తిప్పుతూ ఉంటే రెండంగుళాల కూర గంటలోపే 21 డిగ్రీల దిగువకు వస్తుంది. మూత బిగించకూడదు. ఈగలు వాలకుండా పల్చటి గుడ్డో జల్లెడో చాలు.

ముందే తెలిస్తే ఇంకో దారి ఉంది, క్యాటరింగ్ వాళ్ళకు బాగా పనికొస్తుంది. మర్నాటి కోసం వండే కూరలో పోయాల్సిన నీళ్ళలో రెండు లీటర్లు తగ్గించి చిక్కగా దించాలి. తర్వాత ఆ రెండు లీటర్లనూ మంచుగా కూరలోనే కలపాలి. 60 డిగ్రీలున్న ఎనిమిది కిలోల చిక్కటి కూరలో రెండు కిలోల మంచు వేసి తిప్పితే అది కరిగేసరికి కూర 28, 29 డిగ్రీలకు పడిపోతుంది. ప్రమాదకరమైన వేడి మొత్తం నిమిషాల్లో దాటిపోతుంది. అయితే ఆ మంచు తాగే నీళ్ళతో కాచినదై ఉండాలి. చేపల మార్కెట్ మంచుగడ్డ టబ్బులో వేయడానికి పనికొస్తుంది గానీ కూరలోకి పనికిరాదు. ఈ రెండూ కలిసిపోకుండా ఉండేందుకే తినడానికి పనికిరాని మంచుకు నీలిరంగు కలపాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ఆదేశించింది.

చల్లబడ్డాక డబ్బాల్లోకి. ఎంత డబ్బా అన్నది మర్నాడు ఒకసారికి ఎంత వేడి చేస్తారన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. మనిషికి నూట యాభై, రెండు వందల గ్రాముల చొప్పున వేసుకుంటే ముగ్గురున్న ఇంటికి అరకిలో డబ్బా సరిపోతుంది. ఐదు కిలోల డబ్బా పెట్టి రోజూ అందులోంచి రెండు గరిటెలు తీస్తుంటే తీసిన ప్రతిసారీ మిగిలినదంతా బయటి గాలికి వెచ్చబడుతుంది. పల్చటి, వెడల్పాటి డబ్బాలు మేలు. మొదటి రాత్రి ఒకదాని మీద ఒకటి పేర్చకుండా మధ్యలో చలిగాలి ఆడేట్టు ఫ్రిజ్‌లో పరచాలి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలు గానీ అంతకన్నా తక్కువ గానీ ఉందో లేదో చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోవచ్చు. మూడు నాలుగు రోజుల్లో తినలేమనుకున్నది ఆ రాత్రే డీప్ ఫ్రీజర్‌లోకి వెళ్ళాలి. నాలుగో రోజున తినలేక ఫ్రీజర్‌లోకి మార్చడం వల్ల పోయిన రోజులు వెనక్కి రావు.

ఇక వేడి చేయడం. మన ఆహార సంస్థ చెప్పే కొలత 75 డిగ్రీలు, అదీ కూర నడిమధ్యన, ఆ వేడిలో రెండు నిమిషాలు. అమెరికాలో 74, బ్రిటన్‌లో 70 డిగ్రీల మీద రెండు నిమిషాలు, స్కాట్లాండ్‌లో 82. అంకెలు వేరైనా ఉద్దేశం ఒకటే. ఫ్రిజ్‌లో చేరేలోపు కొద్దో గొప్పో మొలకెత్తిన పెర్‌ఫ్రింజెన్స్ కణాలు ఆ వేడికి బతకవు. ఈ క్రిమి విషాన్ని ప్రధానంగా మన పేగుల్లోకి బతికి చేరాకే విడుదల చేస్తుంది కాబట్టి ముందే చంపేస్తే జబ్బు తప్పుతుంది.

అరకిలో కూరను మూకుడులో వేసి, రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మధ్యస్థ మంట మీద తిప్పుతూ వేడి చేయాలి. అంచున బుడగలు రాగానే దించేయడం అందరూ చేసే పని. అప్పటికి చికెన్ ముక్క లోపల ఇంకా ఫ్రిజ్ చలి పోయి ఉండదు. బుడగలు కూరంతటా రావాలి. అన్నిటికంటే పెద్ద ముక్కను ఎముక దాకా విరిస్తే లోపలి నుంచి పొగ రావాలి. గుచ్చి చూసే డిజిటల్ థర్మామీటర్ ఉంటే ఈ ఊహాగానాలు అక్కర్లేదు. దాని మొన ఆ పెద్ద ముక్క నడుమ ఉండాలి, ఎముకకు గానీ మూకుడు అడుక్కి గానీ తగలకూడదు. థర్మామీటర్ సరిగా ఉందో లేదో తెలియాలంటే దంచిన మంచు, నీళ్ళు కలిపిన గ్లాసులో ముంచితే సున్నా చూపాలి. మైక్రోవేవ్‌లో అయితే ఒక మూల మరుగుతూ ఇంకో మూల చల్లగా ఉంటుంది. సగంలో ఆపి బాగా కలిపి మళ్ళీ పెట్టాలి, తీశాక రెండు నిమిషాలు ఆగి మళ్ళీ కలపాలి.

మెల్లగా వేడి చేయడమూ ముప్పే. వడ్డన దగ్గర వేడినీళ్ళ తొట్లలో పెట్టిన పాత్రలు వేడిగా ఉన్నదాన్ని అలాగే ఉంచగలవు గానీ చల్లటి కూరను వేడి చేయలేవు. అక్కడ కూర గంటల తరబడి 40ల్లో తచ్చాడుతుంది. క్లీవ్‌లాండ్‌లోని వెచ్చని పెట్టె చేసింది ఇదే. ముందు పొయ్యి మీద 75 దాటించి, ఆ తర్వాతే తొట్లోకి చేర్చి, అక్కడ 60కి తగ్గకుండా చూసుకోవాలి.

ఫ్రిజ్ లేని రోజుల్లో మన పెద్దలు పులుసును పొద్దునా సాయంత్రం మరిగించి నిలవ ఉంచేవారు. చేపల పులుసు మర్నాడే రుచి అనే మాటా అందుకే నిలిచింది. అందులో చింతపండు చేసే మేలు ఉంది. గట్టి పులుపులో పెర్‌ఫ్రింజెన్స్ పెరగలేదు. టమాటా, కొబ్బరి, జీడిపప్పు వేసిన కోడికూరకు ఆ రక్షణ లేదు, పులుపు సరిపోయిందో లేదో నాలుకతో తేల్చలేం కూడా. మరిగించిన ప్రతిసారీ కణాలు చస్తాయి, సిద్ధబీజాలు మిగులుతాయి, గిన్నె మళ్ళీ అదే వేడి గుండా మెల్లగా దిగుతుంది.

మరి ఆ గృహప్రవేశం ఇంట్లో, తెల్లవారి గోరువెచ్చగా ఉన్న గుండిగను బాగా మరిగిస్తే సరిపోదా? సరిపోదు. రాత్రంతా అందులో పెరిగింది పెర్‌ఫ్రింజెన్స్ ఒక్కటే అని ఎవరూ చెప్పలేరు. వడ్డించిన చేతుల నుంచి చేరే స్టెఫైలోకాకస్, అన్నం బిర్యానీల్లో పెరిగే బాసిల్లస్ సీరియస్ తమ విషాన్ని ఆహారంలోనే వదులుతాయి. క్రిమి చచ్చినా ఆ విషం మరుగుకు లొంగదు. రంగు మారదు, వాసన రాదు. ఆ కూరను పారేయాలి, కుక్కలకూ పెట్టకూడదు, పనివాళ్ళకు ఇచ్చి పంపడం అసలే కూడదు. అదే బిర్యానీ మిగిలితే దాన్ని కూరకంటే ముందే పళ్ళేల్లో పల్చగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌కు చేర్చాలి, మర్నాటికల్లా తినేయాలి.

ఒకసారి వేడి చేసిన అరకిలోలో భోజనాల తర్వాత నాలుగు ముక్కలు మిగిలితే వాటిని మళ్ళీ డబ్బాలోకి ఎత్తకూడదు. తాజాగా వండిన కూరలో కలిపితే ఇంకా నష్టం, కొత్త గిన్నె మొత్తం పాతదవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టిన డబ్బాల మీద తేదీ రాసి పెట్టుకుంటే రెండు మూడు నెలల పాటు రుచి పోకుండా వాడుకోవచ్చు. తినే ముందురోజు రాత్రే డబ్బాను ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి దించితే, పొద్దుటికి మూకుడులోకి జారేంతగా కరిగి ఉంటుంది.